వాటర్‌మార్క్ లేదన్న ప్లాన్‌లో ముద్ర ఎలా పడింది? ఒక ఎడిటర్ మెయిల్ వెనక ఉన్న లెక్కలు

గుంటూరు బ్రాడీపేటలో చిన్న గది అద్దెకు తీసుకుని షాపులకు రీల్స్ చేసి ఇచ్చే కుర్రాడు ఒకడు నాకు తమ్ముడి వరస. సంక్రాంతికి ముందు ఒక మధ్యాహ్నం ఫోన్ చేశాడు. "అన్నా, వాటర్‌మార్క్ ఉండదని వాళ్లే రాసిచ్చారు. డబ్బు కట్టాను. ఇప్పుడు చూస్తే వీడియో మధ్యలో వాళ్ల పేరు పడుతోంది. పైగా అక్షరాలు అలుక్కుపోయాయి" అన్నాడు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. ఆ సాయంత్రానికి లక్ష్మీపురంలోని ఒక చీరల షాపుకు ఆఫర్ రీల్ ఇవ్వాలి.

కొనేముందు అతను ఆ వీడియో ఎడిటింగ్ టూల్ కంపెనీకి మెయిల్ పెట్టాడు. కాబట్టి ముందుచూపు లేదని అనడానికి లేదు. ఇంగ్లీషులో పంపిన ఆ మెయిల్‌ను తెలుగులో చెప్పుకుంటే ఇంతే: "మీ పెయిడ్ ప్లాన్లలో అన్నిటికన్నా కింది ప్లాన్‌లో వీడియో మీద వాటర్‌మార్క్ పడుతుందా? ఎక్స్‌పోర్ట్ రిజల్యూషన్‌కు ఏమైనా పరిమితి ఉందా?" జవాబు కూడా అంతే పొట్టిగా వచ్చింది: "మా పెయిడ్ ప్లాన్లు వేటిలోనూ వాటర్‌మార్క్ ఉండదు. హెచ్‌డీ ఎక్స్‌పోర్ట్ అన్నిటిలో ఉంది."

నేను విజయవాడలో ఇదే పనిలో ఉన్నాను. ఆ సాయంత్రం అతను పంపిన ఫైలును, ఆ రెండు మెయిళ్లను పక్కపక్కన పెట్టుకుని చూశాను. కంపెనీ జవాబులో అబద్ధం ఒక్కటీ కనపడలేదు. అయినా అతని చేతికి వచ్చిన వీడియో పనికిరాలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయో విడదీసి చూడటానికే ఈ వ్యాసం.

## ముందు మూడు మాటలు

ఎడిటింగ్ టూల్‌లో మనం కోసి, అతికించి, పాట పెట్టి, అక్షరాలు వేసినంతసేపూ అక్కడ ఉండేది ఒక లెక్కల పుస్తకం లాంటిది మాత్రమే. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుంది, దాని మీద ఏ ఎఫెక్ట్ ఉంది అన్న వివరాలు అందులో ఉంటాయి. దాన్ని ఎవరైనా ప్లే చేసుకోగల ఒక్క వీడియో ఫైలుగా మార్చడమే ఎక్స్‌పోర్ట్. క్లయింటుకు చేరేది ఆ ఫైలే. అందుకే ప్లాన్ల మధ్య తేడాలన్నీ దాదాపు ఈ మెట్టు దగ్గరే బయటపడతాయి. అంతవరకు అన్నీ బాగానే ఉన్నట్టు కనపడుతుంది.

రిజల్యూషన్ అంటే ఆ ఫైలులో ఒక్కో ఫ్రేముకు ఉండే చుక్కల లెక్క, అంటే అడ్డంగా ఎన్ని పిక్సెళ్లు, నిలువుగా ఎన్ని అని. వాటర్‌మార్క్ అంటే ఆ చుక్కల మీదే అచ్చయ్యే టూల్ పేరో లోగోనో. ఒకసారి ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలులో ఆ ముద్ర బొమ్మలో కలిసిపోతుంది. తర్వాత డబ్బు కట్టినా పాత ఫైలులోంచి అది పోదు, ప్రాజెక్టు తెరిచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాల్సిందే.

## ముద్ర ప్లాన్ వల్లే పడాలని లేదు

చాలామంది మనసులో వాటర్‌మార్క్ అంటే ఒకటే బొమ్మ ఉంటుంది: ఫ్రీ వెర్షన్ వాడితే మూలన కంపెనీ లోగో పడుతుంది, డబ్బు కడితే పోతుంది. ఇది ప్లాన్‌ను బట్టి పడే ముద్ర. వీడియో మొదటి ఫ్రేము నుంచి చివరి దాకా ఉంటుంది కాబట్టి ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. కంపెనీ "ఉండదు" అని చెప్పింది ఈ ముద్ర గురించే, ఆ మాట మీద నిలబడింది కూడా.

మా తమ్ముడి వీడియోలో పడింది వేరే జాతిది. 45 సెకన్ల రీల్‌లో 18వ సెకను దగ్గర ఒక చీర నుంచి ఇంకో చీరకు మారేటప్పుడు బంగారు పొడి రాలినట్టు ఉండే ట్రాన్సిషన్ వాడాడు. సరిగ్గా ఆ సెకనున్నర పాటే ముద్ర ఉంది. ఆ ట్రాన్సిషన్ బొమ్మ మూలన చిన్న కిరీటం గుర్తు ఉంది. అంటే అది పై ప్లాన్ వాళ్లకు ఇచ్చిన వస్తువు. కింది ప్లాన్‌లో ఉన్నవాళ్లు కూడా దాన్ని లాగి టైమ్‌లైన్ మీద పెట్టుకోవచ్చు, ప్లే చేసి చూసుకోవచ్చు. ముద్ర మాత్రం ఎక్స్‌పోర్ట్‌లో పడుతుంది. ఇది ప్లాన్‌ను బట్టి కాదు, వాడిన వస్తువును బట్టి పడే ముద్ర.

ఈ పద్ధతి ఏదో ఒక కంపెనీ కనిపెట్టిన కిటుకు కాదు. సినిమా కలరింగ్‌లో పేరున్న డావించీ రిసాల్వ్ ఫ్రీ వెర్షన్‌నే చూడండి. దానిలో 3840×2160 సైజు దాకా, సెకనుకు 60 ఫ్రేముల దాకా ముద్ర లేకుండా ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కానీ నాయిస్ రిడక్షన్ లాంటి, డబ్బు కట్టి కొనే స్టూడియో వెర్షన్‌కు మాత్రమే ఇచ్చిన ఎఫెక్ట్ తగిలిస్తే బొమ్మ మీద వాటర్‌మార్క్ వస్తుంది. "రిసాల్వ్ ఫ్రీలో వాటర్‌మార్క్ ఉందా?" అని ఇద్దరిని అడిగితే ఒకరు లేదంటారు, ఒకరు ఉందంటారు. ఇద్దరూ చెప్పేది తమ అనుభవమే. తేడా వాళ్లు వాడిన ఎఫెక్టులో ఉంది.

మూడో రకం చివర్లో అతుక్కునే ముక్క. వీడియో అయిపోయాక రెండు మూడు సెకన్ల పాటు టూల్ పేరు వస్తుంది. కొన్ని టూల్స్‌లో దాన్ని టైమ్‌లైన్ మీదే తీసేయొచ్చు. దీన్ని వాటర్‌మార్క్ అనే లెక్కలో వేయని కంపెనీలు ఉంటాయి, ఎందుకంటే అది బొమ్మ మీద పడలేదు, బొమ్మ తర్వాత వచ్చింది. క్లయింటుకు ఆ తేడా పట్టదు. చీరల షాపు ఆయన ఆ సాయంత్రం ముద్ర ఉన్న మొదటి ఫైలు చూసి అడిగింది ఒక్కటే: "ఏం బాబూ, మా చీరల మీద వేరేవాళ్ల పేరేంటి?"

చెవికి వినపడే ముద్ర కూడా ఉంది. పాటల లైబ్రరీల్లో నమూనాగా ఇచ్చే ట్రాక్‌లో మధ్యమధ్య కంపెనీ పేరు పలుకుతుంటుంది. ఎడిటింగ్ చేసేటప్పుడు సౌండ్ తగ్గించి పెట్టుకునే అలవాటున్నవాళ్లు దీన్ని గమనించరు.

## 1080 అంటే వెడల్పా, ఎత్తా?

ఇక రెండో చిక్కు. ఇదే నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది.

టీవీకి, యూట్యూబ్‌కు చేసే అడ్డం వీడియోలో ఫుల్ హెచ్‌డీ అంటే 1920×1080. 1080పి అన్న పేరులోని అంకె నిలువు లెక్కది. టీవీల కాలం నుంచి పైనుంచి కిందికి ఎన్ని గీతలు ఉన్నాయో దాన్ని బట్టే పేరు పెట్టారు. అప్పట్లో బొమ్మ ఎప్పుడూ అడ్డంగానే ఉండేది కాబట్టి అయోమయం లేదు. రీల్స్ వచ్చాక ఫోన్ నిలబెట్టి చూడటం మొదలైంది. నిలువు వీడియో మంచి క్వాలిటీలో ఉందంటే దాని సైజు 1080×1920 ఉండాలి. ఇక్కడ 1080 వెడల్పు అయింది, ఎత్తు 1920 అయింది.

ఇప్పుడు ఒక ప్లాన్‌లో "1080పి వరకు" అని పరిమితి ఉందనుకోండి. టూల్ రాసినవాళ్లు దాన్ని రెండు రకాలుగా అమలు చేయొచ్చు. పొట్టి వైపు 1080 దాటకూడదు అనుకుంటే నిలువు రీల్ 1080×1920గా నిక్షేపంలా బయటికి వస్తుంది. ఎత్తు 1080 దాటకూడదు అనుకుంటే మాత్రం 1920 ఎత్తున్న రీల్‌ను 1080 ఎత్తుకు కుదిస్తుంది. ఎత్తు ఎంత తగ్గితే వెడల్పూ అదే నిష్పత్తిలో తగ్గాలి. 1080ని 1920తో భాగిస్తే ఆ నిష్పత్తి 0.5625. వెడల్పు 1080ని దానితో గుణిస్తే 607.5 వస్తుంది. వీడియో సైజులు మామూలుగా సరి సంఖ్యల్లో ఉంటాయి కాబట్టి అది 608 అవుతుంది.

మా తమ్ముడి ఫైలు సరిగ్గా 608×1080. మెనూలో అతను `1080p` అనే ఎంచుకున్నాడు, ఫైలు పేరు చివర కూడా టూల్ `1080p` అనే పెట్టింది. కానీ ఉండాల్సిన 20,73,600 చుక్కల చోట 6,56,640 మాత్రమే మిగిలాయి. మూడో వంతు కూడా కాదు.

ఇక్కడే అతని మెయిల్‌కు వచ్చిన జవాబులోని "హెచ్‌డీ" అన్న మాటను కూడా చూడాలి. 1280×720 కూడా హెచ్‌డీయే. 1920×1080ని ఫుల్ హెచ్‌డీ అంటారు కానీ, మాటల్లో దాన్నీ హెచ్‌డీ అనేస్తారు. ఆ పదం విని ఒక్కొక్కరు ఒక్కో సైజు ఊహించుకోవచ్చు. వెడల్పు ఇంత, ఎత్తు ఇంత అని రెండు అంకెలు రాస్తే తప్ప అది జవాబు కాదని నా అభిప్రాయం.

## తెలుగు వత్తుల మీద పడిన దెబ్బ

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా ఫోన్‌లో చాలామంది పట్టించుకోరు. మా తమ్ముడి రీల్‌ను పట్టిచ్చింది తెలుగు అక్షరాలే. రీల్ కింద "కొత్త పట్టు చీరలపై తగ్గింపు" అని ఉంది. ఈ నాలుగు మాటల్లో మూడింటికి కింద వత్తులున్నాయి. అక్షరం మొత్తం ఎత్తు, వత్తుతో కలిపి, 60 పిక్సెళ్లు పెట్టాడు. అందులో వత్తు గీత మందం నాలుగు పిక్సెళ్లు ఉంటుంది. 608×1080కి కుదించగానే 60 కాస్తా 34 అయింది, నాలుగు కాస్తా రెండు అయింది. తర్వాత ఫోన్ ఆ చిన్న బొమ్మను తన తెర వెడల్పుకు మళ్లీ సాగదీసింది. సాగదీసినంత మాత్రాన పోయిన చుక్కలు తిరిగి రావు, ఉన్నవే వెడల్పవుతాయి. 'ట్టు'లో కింది వత్తు ఒక మచ్చలా మిగిలింది. 'గ్గిం'లో గుడి, వత్తు రెండూ చెదిరిపోయాయి.

అదే రీల్‌లో ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉన్న షాపు పేరు బాగానే చదవగలిగాం. నిట్టనిలువు, అడ్డం గీతలతో ఉండే అక్షరాలు కుదింపును కొంత తట్టుకుంటాయి. పైనా కిందా చిన్న చిన్న వంపులతో అర్థం మోసే లిపికి ఆ సౌకర్యం లేదు. ఇంగ్లీషులో రివ్యూ రాసేవాళ్లు "కింది ప్లాన్ క్వాలిటీ పరవాలేదు" అంటే, తెలుగు అక్షరాలు వేసే మనకు అది అలాగే వర్తించకపోవచ్చు.

ఒక జాగ్రత్త చెప్పాలి. మసక కనపడిందంటే ప్లాన్‌దే తప్పని వెంటనే అనుకోకూడదు. షాపువాళ్లు ఫోన్‌ను అడ్డంగా పట్టుకుని 1920×1080లో తీసిన వీడియోను మనం నిలువుగా కోసుకుంటే, దానిలోంచి వచ్చే ముక్క కూడా 608×1080యే. అంకె ఒకటే అయినా కారణం వేరు. అదే షాట్ 4కే, అంటే 3840×2160లో తీసి ఉంటే కోసిన ముక్క 1215×2160 ఉంటుంది, రీల్‌కు సరిపోతుంది. ఈ రెండు కారణాలను విడదీయడానికి తేలిక ఆధారం టూల్‌లో వేసిన అక్షరాలే. చీర మసకగా ఉండి అక్షరాలు పదునుగా ఉంటే లోపం షూటింగ్‌లో ఉంది. రెండూ మసకగా ఉంటే ఎక్స్‌పోర్ట్‌లో ఉంది. మా తమ్ముడి ఫైలులో రెండూ మసకే.

## సైజు సరిగ్గా ఉన్నా బొమ్మ పాడయ్యే దారి

రిజల్యూషన్ అడిగేవాళ్లలో ఎక్కువమంది అడగనిది బిట్‌రేట్. ఒక సెకను వీడియోకు ఎంత డేటా ఖర్చుపెడుతున్నామన్నదే బిట్‌రేట్. చుక్కల లెక్క ఎంత ఉన్నా, వాటిని నింపడానికి డేటా చాలకపోతే బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోతుంది. యూట్యూబ్ తన అప్‌లోడ్ సూచనల్లో సెకనుకు 30 ఫ్రేముల దాకా ఉండే 1080పి వీడియోకు 8 ఎంబీపీఎస్, అంటే సెకనుకు 8 మెగాబిట్లు, చెబుతుంది.

లెక్క సులువు. బిట్‌రేట్‌ను సెకన్లతో గుణించి ఎనిమిదితో భాగిస్తే ఫైలు సైజు మెగాబైట్లలో వస్తుంది. 45 సెకన్ల రీల్ 8 ఎంబీపీఎస్‌లో ఉంటే సుమారు 45 ఎంబీ ఉండాలి. అదే రీల్‌కు ఒక ప్లాన్ రెండున్నర ఎంబీపీఎస్ మాత్రమే ఇస్తే 14 ఎంబీ వస్తుంది. రెండు ఫైళ్ల మీదా 1080×1920 అనే రాసి ఉంటుంది. మాట్లాడే మనిషి కదలకుండా కూర్చున్న వీడియో అయితే 14 ఎంబీలో కూడా బాగానే ఉండొచ్చు. జరీ మెరుపు కదిలే పట్టుచీర, మిర్చి యార్డులో కుప్ప మీద నుంచి కెమెరా జరిగే షాట్ లాంటివి మాత్రం తట్టుకోవు. ప్రతి ఫ్రేములో వేల కొద్దీ సన్నని వివరాలు చోటు మారుతుంటే డేటా అక్కడే ముందు చాలకుండా పోతుంది. గుంటూరులో మిర్చి వ్యాపారులకు వీడియోలు చేసేవాళ్లు ఎర్రటి కుప్ప కాస్తా ముద్దలా అయిపోవడం చూసే ఉంటారు.

## 4కే లేకపోవడం ఎంత నష్టం?

దీనికి ఉల్టా భయం కూడా ఉంది. కింది ప్లాన్‌లో 4కే లేదనగానే పని చెడిపోతుందని పై ప్లాన్‌కు వెళ్లేవాళ్లు ఉన్నారు. అవసరం వీడియో ఎక్కడ ఆడుతుందో దాన్ని బట్టి తేలుతుంది.

కల్యాణ మండపాల్లో పెట్టే ఎల్‌ఈడీ వాల్‌నే తీసుకుందాం. పీ3 వాల్ అంటే ఒక చుక్కకూ పక్క చుక్కకూ మధ్య మూడు మిల్లీమీటర్ల దూరం. 12 అడుగుల వెడల్పు అంటే సుమారు 3,658 మిల్లీమీటర్లు, మూడుతో భాగిస్తే 1,219 చుక్కలు. ఎనిమిది అడుగుల ఎత్తుకు సుమారు 813. అంత పెద్దగా కనపడే తెరలో ఉన్నవి 1,200 బై 800 చుక్కలే. దానికి 1920×1080 ఫైలే ఎక్కువ. 4కే ఇచ్చినా వాల్ దగ్గరి ప్రాసెసర్ దాన్ని కుదించే ఆడిస్తుంది.

షోరూమ్ లోపల దగ్గర నుంచి చూసే పెద్ద 4కే టీవీకైతే తేడా కనపడుతుంది. తర్వాత ఇంకొకరు ఆ ఫైలునే కోసి వాడుకుంటారన్నా 4కే పనికొస్తుంది. రీల్‌కు అక్కర్లేదు. కాకపోతే షూటింగ్ 4కేలో చేసి ఎక్స్‌పోర్ట్ 1080లో ఇవ్వడం మంచి పద్ధతే, ఇందాక చెప్పిన కోత సమస్య అక్కడ తీరుతుంది.

## కంపెనీ వైపు వాదన, ఎడిటర్ల వైపు వాదన

టూల్ అమ్మేవాళ్ల మాట కూడా వినాలి. బ్రౌజర్‌లో నడిచే టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ పని కంపెనీ సర్వర్లే చేసే చోట 4కే ఫ్రేముకు 1080పి కన్నా నాలుగు రెట్లు చుక్కలు లెక్కకట్టాలి. ఆ కరెంటు, ఆ మెషీన్లు వాళ్ల ఖర్చే. కిరీటం ఉన్న పాటలు, ఎఫెక్టులు బయటివాళ్ల దగ్గర కొన్నవి అయితే వాటి హక్కులకూ డబ్బు కట్టాలి. వాడి చూసుకోనిచ్చి, బయటికి తీసేటప్పుడు ముద్ర వేయడం వల్ల కొనేవాడికే లాభమని వాళ్లంటారు. ముందే తాళం వేస్తే అది తన పనికి నప్పుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

ఇందులో న్యాయం ఉంది. కానీ ఎక్స్‌పోర్ట్ మన కంప్యూటర్‌లోనే జరిగే టూల్స్‌కు సర్వర్ ఖర్చు వాదన వర్తించదు. అక్కడ రిజల్యూషన్ పరిమితి ప్లాన్ల మధ్య తేడా చూపించడానికి పెట్టిన గోడ. అది తప్పని కాదు, అమ్మేవాడు తన సరుకును ఎలా విడదీసి అమ్ముకోవాలన్నది అతని ఇష్టం. ఎడిటర్లు బాధపడేది గోడ ఉన్నందుకు కాదు, అది ఆరు గంటల పని అయిపోయాక కనపడుతున్నందుకు. రిసాల్వ్‌లో ముద్ర ఎఫెక్ట్ తగిలించిన క్షణమే ప్రివ్యూలో కనపడుతుంది కాబట్టి అప్పుడే తీసేసి ఇంకో దారి చూసుకుంటాం. ఎక్స్‌పోర్ట్ అయ్యాకే కనపడితే డెలివరీ గడువు మీద పడుతుంది. నా మటుకు నాకు ఈ రెండో వాదనే బరువుగా తోస్తుంది, ఎందుకంటే ముందే చూపించడానికి కంపెనీకి అయ్యే ఖర్చు పెద్దగా లేదు.

## రెండో మెయిల్‌లో ఏం మారింది

ఆ సాయంత్రానికి గండం ఎలాగో గట్టెక్కింది. బంగారు పొడి ట్రాన్సిషన్ తీసేసి మామూలు కట్ పెట్టాడు. అక్షరాలను 60 నుంచి 107 పిక్సెళ్లకు పెంచాడు, అప్పుడు కుదించాక కూడా 60 మిగులుతుంది. ఒక్క వరుసలో పట్టక ఆఫర్ మాట రెండు వరుసలైంది. షాపు ఆయన ఒప్పుకున్నారు. పండగ అయ్యాక ఇద్దరం కూర్చుని రెండో మెయిల్ రాశాం. తెలుగులో అది ఇలా ఉంటుంది:

"నమస్కారం. నేను మీ కింది ప్లాన్ వాడుతున్న ఫ్రీలాన్సర్‌ని. నా పని షాపులకు నిలువు రీల్స్ చేయడం. వాటి సైజు వెడల్పు 1080, ఎత్తు 1920, సెకనుకు 30 ఫ్రేములు. ఈ ప్లాన్‌లో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలు వెడల్పు, ఎత్తు ఎంత వస్తాయో అంకెల్లో చెప్పగలరా? మీ పరిమితి ఎత్తుకా, పొట్టి వైపుకా? ఈ సైజులో బిట్‌రేట్ ఎంత ఇస్తారు, దాన్ని నేను మార్చుకోవచ్చా? కిరీటం గుర్తున్న ట్రాన్సిషన్, ఫాంట్, పాట వాడితే ఎక్స్‌పోర్ట్ అయిన ఫైలులో మీ పేరు ఎక్కడైనా కనపడుతుందా, వినపడుతుందా, చివర్లో కూడా? నేను పై ప్లాన్ తీసుకుని మూడు నెలల తర్వాత మళ్లీ కిందికి వస్తే, అప్పటి ప్రాజెక్టును తెరిచి తేదీ మార్చి ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు ఏ ప్లాన్ నియమం వర్తిస్తుంది?"

మొదటి మెయిల్‌కూ దీనికీ తేడా పొడవులో కాదు. మొదటిది ప్లాన్‌లో ఏముందని అడిగింది. రెండోది చేతికి వచ్చే ఫైలులో ఏముంటుందని అడిగింది. "వాటర్‌మార్క్" అన్న పదాన్నే వదిలేసి "మీ పేరు కనపడుతుందా, వినపడుతుందా" అనడం కావాలని చేసిందే. ఆ పదానికి కంపెనీ తన నిర్వచనం పెట్టుకోవచ్చు, పేరు కనపడటానికి అలాంటిది పెట్టుకోలేదు.

చివరి ప్రశ్న మన షాపుల అలవాటు నుంచి వచ్చింది. సంక్రాంతికి చేసిన రీల్‌లోనే తేదీ మార్చి ఉగాదికి వాడుకుందాం అంటారు. అప్పటికి ప్లాన్ తగ్గించుకుని ఉంటే, మొదట ముద్ర లేకుండా బయటికి వచ్చిన ప్రాజెక్టే ఇప్పుడు ముద్రతో రావచ్చు. పాత ఫైలుకు ఏమీ కాదు, కొత్తగా తీసేదానికే ఈ బాధ.

రెండు రోజుల్లో జవాబు వచ్చింది, ఈసారి అంకెలతో. కింది ప్లాన్‌లో పరిమితి ఎత్తుకు, కాబట్టి రీల్ 608×1080 వస్తుంది. మధ్య ప్లాన్‌లో పొట్టి వైపు 1080 దాకా ఇస్తారు. కిరీటం వస్తువులకు కింది ప్లాన్‌లో ఆ ముక్క వరకు ముద్ర ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ చేసే రోజు ఏ ప్లాన్ ఉంటే ఆ నియమమే. బిట్‌రేట్ ప్రశ్నకు మాత్రం "సన్నివేశాన్ని బట్టి దానంతట అదే మారుతుంది" అని రాశారు. అంటే కొలిచి చూసుకోవాల్సిందేనన్నమాట.

## పది సెకన్ల ఫైలుతో సరిచూడటం

జవాబు ఎంత వివరంగా వచ్చినా ఫైలు చెప్పేదే ఖాయం. మా తమ్ముడు మధ్య ప్లాన్‌ను ఏడాదికి కాకుండా ఒక్క నెలకు తీసుకుని పది సెకన్ల పరీక్ష రీల్ చేశాడు. అందులో తను మామూలుగా వాడేవన్నీ పెట్టాడు: ఒక కిరీటం ట్రాన్సిషన్, ఒక పాట, వత్తులున్న తెలుగు వరుస, జరీ చీర కదిలే షాట్. వాడబోయే వస్తువులు లేని పరీక్షలో ముద్ర పడకపోతే దానివల్ల తెలిసేది ఏమీ లేదు.

విండోస్‌లో ఫైలు ప్రాపర్టీస్ తెరిచి వివరాల పేజీ చూస్తే `Frame width`, `Frame height`, `Total bitrate` అని మూడు వరుసలు కనపడతాయి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంటే ఈ ఒక్క వరుస చాలు:

```
ffprobe -v error -select_streams v:0 -show_entries stream=width,height,bit_rate reel.mp4
```

అయితే ఈ అంకెలు కూడా ఒక సంగతి చెప్పవు. లోపల చిన్న సైజులో తయారుచేసి, చివర్లో 1080×1920కి సాగదీసి ఇచ్చినా ఫైలు మీద 1080×1920 అనే ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి నేను పాత పద్ధతి ఒకటి వాడతాను. 1080×1920 సైజులో ఒక బొమ్మ తయారుచేసి, ఒక చోట ఒక పిక్సెల్ నల్ల గీత, ఒక పిక్సెల్ తెల్ల గీత పక్కపక్కన వచ్చేలా గీసి, దాన్ని టైమ్‌లైన్ మీద సైజు మార్చకుండా రెండు సెకన్లు ఉంచుతాను. ఎక్స్‌పోర్ట్ అయ్యాక ఆ ఫ్రేమును ఆపి పెద్దది చేసి చూస్తే, గీతలు విడివిడిగా ఉంటే సైజు నిజమైనదే. బూడిద రంగు పలకలా అయిపోయినా, అలలు అలలుగా కనపడినా మధ్యలో ఎక్కడో కుదింపు జరిగినట్టు.

అతని పరీక్షలో గీతలు విడివిడిగానే ఉన్నాయి. సైజు 1080×1920. బిట్‌రేట్ జరీ షాట్ ఉన్న ముక్కతో కలిపి ఏడు ఎంబీపీఎస్ పైన ఉంది. పాట చివరి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు, ఆఖరి ఫ్రేము ఆపి చూశాడు, ఎక్కడా పేరు లేదు. ప్లాన్ల తేడా నెలకు 400 రూపాయలు. నెలకు ఎనిమిది రీల్స్ చేస్తాడు కాబట్టి రీల్‌కు 50 పడుతుంది. ఆ 50ని తన రేటులో కలుపుకున్నాడు.

ఉగాదికి వారం ముందు చీరల షాపు నుంచి ఫోన్ వచ్చింది. అదే రీల్, తేదీ మాత్రం మార్చాలి, కుదిరితే ఆ బంగారు పొడి మళ్లీ పెట్టమన్నారు. అతను ప్లాన్ ఇంకా నడుస్తోందో లేదో ముందు చూసుకుని, ఆఫర్ మాటను తిరిగి ఒక్క వరుసలోకి తెచ్చి, 60 పిక్సెళ్ల అక్షరాలతోనే ఎక్స్‌పోర్ట్ పెట్టాడు.